నొక్కేసిన గుమాస్తాకు మొదటి వాక్యంలోనే దారి చూపండి

చేయవలసిన పని ముందు చెబుతాను, కారణాలు తరువాత. ఫిషింగ్ మెయిళ్ల గురించి మీ ఆఫీసులో సిబ్బందికి ఇచ్చిన హెచ్చరిక కాగితం ఎక్కడుందో ఇవాళే వెతికి తీయండి. మొదటి మూడు వాక్యాలు చదవండి. అనుమానపు మెయిల్ వస్తే ఏం చేయాలో, లింకు ఇప్పటికే నొక్కేసి ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆ మూడు వాక్యాల్లో కనబడకపోతే ఆ కాగితం తీసేసి కొత్తది రాయండి. మిర్చి యార్డుకు టిక్కీలు దిగడం, జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి బండ్లు బారులు తీరడం మొదలయ్యాక ఈ పనికి ఎవరికీ తీరిక ఉండదు. గాలం వేసేవాడికి కావలసింది కూడా ఆ తీరిక లేని సమయమే.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఒక కాగితం. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసుకు వెళ్లాను, పేరు ఇక్కడ అనవసరం. బల్ల మీద తేజ, 334 రకాల శాంపిల్ పొట్లాలు, ఘాటుకు గది అంతా తుమ్ములు. అకౌంటెంటు కంప్యూటర్ వెనక గోడకు, దేవుడి క్యాలెండరు పక్కన, లామినేషన్ చేయించిన నోటీసు ఉంది. దాని మొదలు ఇలా ఉంది:

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇటీవలి కాలంలో సైబర్ నేరములు విపరీతముగా పెరిగిపోవుచున్న దృష్ట్యా, మోసపూరితమైన ఈ-మెయిళ్ల విషయమై సిబ్బంది అత్యంత అప్రమత్తముగా మెలగవలెను.”

అక్కడి నుంచి ఫిషింగ్ అంటే ఏమిటో ఒక పేరా, అందులో ఎన్ని రకాలున్నాయో ఇంకో పేరా, చట్టంలోని సెక్షన్ల ప్రస్తావన ఒక పేరా. మధ్యలో ఎర్ర అక్షరాలతో “తస్మాత్ జాగ్రత్త!!!” అని, చివరికొస్తే “అజాగ్రత్త వలన సంస్థకు కలుగు నష్టము సంబంధిత ఉద్యోగి జీతము నుండి రాబట్టబడును, కఠిన క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును” అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో “అనుమానాస్పద మెయిళ్లు వచ్చినచో సంబంధిత విభాగమునకు తెలియపరచవలెను” అన్నది ఆఖరి వాక్యం. ఆ సంబంధిత విభాగం ఏదో అకౌంటెంటును అడిగాను. ఆయనకు తెలియదు. ఆఫీసంతటికీ కలిపి ఉన్నది ఐదుగురే.

ఆ కాగితం రాసినవారి మనసు మంచిదే. సిబ్బందిని కాపాడాలనే రాశారు. కానీ అది ఎవరి కోసం రాశారో చూడండి. తీరిగ్గా కూర్చుని చదివేవాడి కోసం రాశారు. అలాంటివాడు ప్రమాదంలో లేడు. ప్రమాదంలో ఉన్నవాడు మౌస్ మీద వేలు పెట్టి, ఓ కన్ను గోడ వైపు వేసి, నాలుగు సెకన్లు మాత్రమే చదువుతాడు. ఇంకా ముఖ్యమైనవాడు ఒకడున్నాడు. అతను ఇప్పటికే నొక్కేశాడు. గుండె దడదడలాడుతుంటే గోడ వైపు చూస్తాడు. అతని కంటికి ముందు ఆనేది పెద్ద అక్షరాల్లో ఉన్న “జీతము నుండి రాబట్టబడును” అన్న మాటే.

అప్పుడు ఏం జరుగుతుందో ఒక ఉదాహరణగా అనుకుందాం. శనివారం సాయంత్రం, ఆరు కావస్తోంది. కొలంబోలో ఎప్పటి నుంచో సరుకు కొంటున్న వ్యాపారి పేరుతో మెయిల్ వచ్చింది. విషయం దగ్గర సవరించిన ప్రోఫార్మా ఇన్‌వాయిస్ అని ఉంది, చూసి వెంటనే ఖాయం చేయమని రాసి ఉంది. అకౌంటెంటు అటాచ్‌మెంటు తెరిచాడు. మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతూ ఒక పేజీ వచ్చింది. పని ఒత్తిడిలో కొట్టేశాడు. పేజీ ఖాళీగా మిగిలింది, ఇన్‌వాయిస్ రాలేదు. అప్పుడు పంపినవారి అడ్రసు సరిగ్గా చూశాడు. పేరు ఆ వ్యాపారిదే, అడ్రసులో మాత్రం m ఉండాల్సిన చోట r, n పక్కపక్కన ఉన్నాయి. తెర మీద ఆ రెండూ ఒకటే అక్షరంలా కనబడతాయి. ఏదో తప్పు జరిగిందని అతనికి అర్థమైంది. గోడ వైపు చూశాడు. కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు.

దొంగ అదే రాత్రి ఆ మెయిల్లోకి చేరతాడు, కానీ ఏమీ కదపడు. ముందు ఒక ఫిల్టర్ పెడతాడు. కొలంబో నుంచి వచ్చే మెయిళ్లు మన కంటికి కనబడకుండా పక్కకు పోతాయి, వాటి నకలు తనకు చేరుతుంది. పాత ఇన్‌వాయిస్‌లు, బేరాలు, మనం మాట రాసే తీరు అన్నీ చదువుకుంటాడు. కంటైనర్ ఓడ ఎక్కి, కాగితాలు కదిలి, డబ్బు రావాల్సిన రోజు దగ్గరపడే వరకు ఆగుతాడు. అప్పుడు మన మెయిల్ నుంచే, మన లెటర్‌హెడ్ మీదే, కొలంబోకు ఒక వాక్యం పంపుతాడు: మా బ్యాంకు ఖాతాకు ఆడిట్ జరుగుతోంది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి. అవతలివాడు నమ్మి పంపుతాడు. సరుకు పోయింది, డబ్బు రాలేదు. ఇరవై రోజులకు ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు గాని ఇద్దరికీ సంగతి తెలియదు.

ఈ కథలో నష్టం నొక్కడం దగ్గర జరగలేదు. నొక్కిన తర్వాత గడిచిన మౌనంలో జరిగింది. ఆ సాయంత్రమే ఒక్క ఫోన్ చేసి ఉంటే పాస్‌వర్డ్ మార్చడానికి, మెయిల్ సెట్టింగులు చూడడానికి, కొలంబోకు ఒక మాట చెప్పడానికి అరగంట పట్టేది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కేసు తెలుగువాళ్లందరికీ గుర్తుండాలి. 2021 నవంబరులో ఆ బ్యాంకు సిబ్బందికి 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. పోలీసులు తేల్చినదాని ప్రకారం వాటిని నొక్కినవారు ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్ల ద్వారా దొంగలు లోపలికి చేరారు. డబ్బు తీసింది మాత్రం 2022 జనవరి చివర్లో, ఒక వారాంతంలో. పోయింది సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు. నవంబరుకు, జనవరికి మధ్య రెండు నెలలకు పైగా గడువుంది. ఆ రెండు నెలల్లో ఎవరూ పసిగట్టలేదు. బ్యాంకు భద్రతా ఏర్పాట్లే సరిగ్గా లేవని పోలీసులు అన్నారు. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. కాబట్టి తప్పంతా ఆ ఇద్దరి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. మిగిలిన వాళ్లంతా జాగ్రత్తగా ఉన్నా, ఇద్దరు నొక్కితే దొంగకు చాలింది. మీ హెచ్చరిక కాగితం ఎంత బాగున్నా ఎప్పుడో ఒకరు నొక్కుతారనే లెక్కతోనే దాన్ని రాయాలి.

దేశాల స్థాయిలోనూ ఇదే వరస. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి 8 కోట్ల 10 లక్షల డాలర్లు పోయాయి. దొంగలు ఉద్యోగ దరఖాస్తుల రూపంలో మెయిళ్లు పంపడం మొదలుపెట్టింది 2015 జనవరిలోనని అమెరికా దర్యాప్తులో తేలింది. ఏడాది పాటు లోపలే కూర్చున్నారు.

అందుకే ఆ గోడ మీది కాగితాన్ని తిరగరాశాను. ఆ ఆఫీసు వాళ్లతో కూర్చుని, వాళ్ల మాటల్లోనే రాశాను. ఇది అలాగే ఇస్తున్నాను, పేర్లు మీవి పెట్టుకోండి:

> అనుమానపు మెయిల్ వచ్చిందా? నొక్కేశారా? ముందు ఫోన్ చేయండి.
>
> మేనేజరు గారి నంబరు (ఇక్కడ రాయండి). సెలవు రోజైనా, రాత్రయినా చేయండి. నొక్కినందుకు ఎవరినీ ఏమీ అనరు. త్వరగా చెప్పినవారు ఆఫీసును కాపాడినట్టే.
>
> నొక్కేసి ఉంటే: ఇంటర్నెట్ వైరు పీకేయండి, వైఫై ఆపండి. కంప్యూటర్‌ను ఆపకండి. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే వేరే కంప్యూటర్ నుంచి గాని ఫోన్ నుంచి గాని వెంటనే మార్చండి.
>
> డబ్బు పోయి ఉంటే: మన బ్యాంకుకు, 1930కి ఆ నిమిషంలోనే ఫోన్ చేయండి.
>
> నొక్కలేదంటే: ఏమీ తెరవకండి, జవాబు ఇవ్వకండి, ఎవరికీ పంపకండి, చెరిపేయకండి. ఫోన్ చేసి చెప్పండి.
>
> బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా, పాత బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్న తర్వాతే డబ్బు కదపండి. మెయిల్లో ఇచ్చిన నంబరుకు చేయకండి.

ఫిషింగ్ అంటే ఏమిటో, ఎలా గుర్తుపట్టాలో ఆ తర్వాత వెనక పేజీలో ఉంది. చదవాలనుకున్నవారు చదువుకుంటారు. ముందు పేజీలో వివరణ ఒక్కటీ లేదు.

కొన్ని మాటలు అలాగే ఎందుకు రాశానో చెప్పాలి. కంప్యూటర్ ఆపకండి అన్నది చాలామందికి వింతగా ఉంటుంది. కంగారు పడ్డవాడు ముందు చేసే పని స్విచ్ ఆపడమే. ఆపితే ఆ సమయంలో మెషిన్ మెమరీలో ఉన్న ఆనవాళ్లు పోతాయి. తరువాత చూసే నిపుణుడికి లోపలికి ఏం చొరబడిందో తెలుసుకోవడం కష్టమవుతుంది. ఇంటర్నెట్ వైరు పీకితే దొంగకు దారి మూసుకుపోతుంది, ఆనవాళ్లూ మిగులుతాయి. ఏ వైరు పీకాలో తెలియకపోతే రౌటర్ ఆపేసినా సరే.

ఎవరికీ పంపకండి అన్నది వాట్సాప్ గ్రూపుల కోసం. “ఈ మెయిల్ నిజమేనా చూడండి” అని పదిమందికి పంపిన గుమాస్తా మంచి ఉద్దేశంతోనే పంపుతాడు. ఆ పదిమందిలో ఒకరు నొక్కుతారు. చెరిపేయకండి అన్నది సాక్ష్యం కోసం, అదే మెయిల్ ఆఫీసులో ఇంకెవరికి వచ్చిందో వెతకడం కోసం.

పాస్‌వర్డ్ మార్చడంతో పని తీరిపోదు. ఈ సంగతి గోడ మీద రాయనక్కర్లేదు గాని, ఫోన్ అందుకునే మేనేజరు దగ్గర రాసి ఉండాలి. ముందు అన్ని చోట్లా లాగౌట్ చేయాలి. లేకపోతే అప్పటికే లోపల ఉన్నవాడు లోపలే ఉండే వీలుంది. తరువాత మెయిల్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. జీమెయిల్ అయితే `Forwarding and POP/IMAP`, `Filters and Blocked Addresses` అన్న రెండు చోట్లా చూడాలి. మనం పెట్టని ఫిల్టర్ గాని, మనకు తెలియని అడ్రసుకు మెయిళ్లు మళ్లించే ఏర్పాటు గాని కనబడితే ముందు ఫొటో తీసి, ఆ తర్వాత తీసేయాలి. చాలా ఆఫీసుల్లో పాస్‌వర్డ్ మార్చి ఊపిరి పీల్చుకుంటారు. ఫిల్టర్ అలాగే ఉండిపోతుంది, మెయిళ్లు దొంగకు పోతూనే ఉంటాయి.

1930 గురించి కూడా ఒక సంగతి స్పష్టంగా తెలియాలి. అది డబ్బు పోయినప్పుడు చేయాల్సిన నంబరు. దానితో పాటు `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టాలి. మన డబ్బు మన దేశంలోని ఖాతాలకు పోయి ఉంటే, అది ఇంకా ఖాతాలో ఉండగానే పట్టి ఆపే అవకాశం ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. కానీ ఎగుమతి వ్యాపారంలో మోసపోయి డబ్బు పంపేది తరచూ కొలంబోలోనో ఢాకాలోనో ఉన్న కొనుగోలుదారు. డబ్బు అతనిది, బ్యాంకు అతనిది, పోయింది మూడో దేశపు ఖాతాకు. అక్కడ మన 1930 చేయి చాలదు. అతను తన బ్యాంకుకు వెళ్లి ఆ చెల్లింపును వెనక్కి పిలిపించమని కోరాలి. అందుకే మన మెయిల్ దొంగ చేతిలో పడిందని తెలిసిన రోజే కొనుగోలుదారులందరికీ ఫోన్ చేసి చెప్పాలి. పరువు పోతుందని వెనకాడితే సరుకు పోతుంది.

కంపెనీలకు చట్టపరమైన బాధ్యత కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఫిషింగ్ దాడులతో సహా సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలపాలి. దానికి అడ్రసు `incident@cert-in.org.in`. నొక్కిన మనిషి భయపడి సోమవారం దాకా నోరు విప్పకపోతే ఆ ఆరు గంటల లెక్క మన చేతిలో ఎలా ఉంటుంది?

ఇక స్వరం సంగతి. ఎర్ర అక్షరాలు, మూడు ఆశ్చర్యార్థకాలు తీసేయమంటే ఆ ఆఫీసు యజమాని ఒప్పుకోలేదు. భయం లేకపోతే ఎవరూ పట్టించుకోరన్నారు. అప్పుడు ఆయనకు వచ్చిన ఒక దొంగ మెయిల్ తెరిపించి, గోడ కాగితం పక్కన పెట్టాను. మెయిల్లో ఉన్నది: వెంటనే స్పందించకపోతే 24 గంటల్లో మీ ఖాతా మూసేస్తాం. గోడ మీద ఉన్నది: వెంటనే పాటించకపోతే కఠిన చర్యలు. రెండూ ఒకే గొంతు. దొంగ మెయిల్‌ను పట్టించే గుర్తుల్లో పెద్దది ఆ తొందరే. తొందరపెట్టే మాట వినగానే ఆగి ఆలోచించమని సిబ్బందికి చెప్పాల్సిన మనమే, అదే గొంతుతో ఆజ్ఞాపిస్తే, తొందరపెట్టే మాటకు లొంగడం మనమే అలవాటు చేసినట్టు. ఆయన కాసేపు రెండూ చూసి, ఎర్ర అక్షరాలు తీసేయమన్నారు.

జీతం కోత మాట తీయడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. శిక్ష ఉంటే నొక్కరని ఆయన నమ్మకం. శిక్ష ఉన్నా నొక్కుతారు. ఎందుకంటే తెలిసి ఎవరూ నొక్కరు. శిక్ష వల్ల మారేది ఒక్కటే, నొక్కాక చెప్పరు. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం కూడా సంస్థలకు ఇదే చెబుతోంది, నొక్కినవారిని శిక్షిస్తే తరువాత ఎవరూ ముందుకొచ్చి చెప్పరని.

నింపాదిగా రాయమంటే మెత్తగా రాయమని అర్థం చేసుకుంటారు కొందరు. “వీలైతే తెలియజేయగలరు”, “తగు జాగ్రత్తలు తీసుకోగలరు” అని రాస్తారు. అది ఎర్ర అక్షరాల కంటే మేలేమీ కాదు. జాగ్రత్త అనేది చేసే పని కాదు, పీకండి, మార్చండి, ఫోన్ చేయండి అన్నవే పనులు. గుమాస్తా చేతులు కదిలే మాట రాయాలి. “తెలియపరచవలెను” అని గ్రాంథికంలో రాసి, ఎవరికో రాయకపోతే ఆ వాక్యం ఉన్నా లేనట్టే.

హెచ్చరికను మెయిల్లో పంపేవారు ఇంకో తప్పు చేస్తారు. కింద ఒక లింకు పెట్టి, చదివినట్టు ఇక్కడ నొక్కి నిర్ధారించండి అంటారు. నొక్కవద్దని చెప్పే మెయిల్లోనే నొక్కించడం అది. రేపు దొంగ సరిగ్గా అదే హెచ్చరికను అదే లింకు చోట తన లింకు పెట్టి పంపితే మీ సిబ్బంది ఎలా తేల్చుకుంటారు? హెచ్చరికలో లింకు, అటాచ్‌మెంటు రెండూ ఉండకూడదు. అందులో ఇచ్చిన ఫోన్ నంబరు గోడ మీద ముందే ఉన్న నంబరే అయి ఉండాలి. వాట్సాప్‌లో పంపేటట్టయితే తెర మీద మొదట కనబడే నాలుగైదు లైన్లలోనే ఫోన్ నంబరు, వైరు పీకడం రెండూ వచ్చేయాలి. మిగతాది కింద దాక్కుంటుంది, దాన్ని తెరిచి చదివేవారు తక్కువ.

కాగితం పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో బాండ్లు రాసే కుర్రాడిని గాని, మిల్లులో బేళ్ల లెక్క చూసే అమ్మాయిని గాని పిలవండి. చేరి నెల కూడా కానివారైతే ఇంకా మంచిది. కాగితాన్ని పది సెకన్లు చూపించి వెనక్కి తీసుకోండి. “నువ్వు ఇప్పుడే నొక్కేశావు, ఏం చేస్తావ్?” అని అడగండి. ఎవరికి ఫోన్ చేయాలో, వైరు పీకాలో స్విచ్ ఆపాలో తడబడకుండా చెబితే కాగితం సరే. “జాగ్రత్తగా ఉంటానండీ” అంటే మళ్లీ రాయండి. మేం ఆ ఆఫీసులో మూడుసార్లు రాశాం. మొదటిసారి కుర్రాడికి గుర్తున్నది 1930 ఒక్కటే. డబ్బు పోకపోయినా దానికే చేస్తానన్నాడు. అప్పుడు మేనేజరు నంబరు పైకి, 1930 కిందికి మార్చాం.

చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా ఉన్న మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతి ఆఫీసులు, కమీషన్ కొట్లు నడిపేవారికి నా మనవి ఇదే. ఈ వారంలో మీ కాగితం తిరగరాయండి, మొదటి వాక్యంలో ఒక మనిషి పేరు, ఒక నంబరు పెట్టండి. ఆ నంబరు మీదే అయితే రాత్రి పదింటికి మోగినా ఎత్తండి. ఎత్తి ముందు రెండే అడగండి: ఏ మెయిల్, ఎన్నింటికి?